అప్లై చేసింది ఒకటి, ఇస్తామంటున్నది ఇంకొకటి

"హలో, మీరు జావా డెవలపర్ పోస్టుకి అప్లై చేశారు కదండీ? ఆ పొజిషన్ ప్రస్తుతం హోల్డ్‌లో ఉంది. మీ ప్రొఫైల్‌కి సరిపోయే అప్లికేషన్ సపోర్ట్ రోల్ ఒకటుంది. ప్యాకేజీ కూడా బాగుంటుంది. సరేనంటే ఇప్పుడే ప్రొఫైల్ పంపించేస్తాను."

హైదరాబాద్‌లో మూడు నాలుగేళ్ల అనుభవంతో కంపెనీ మారాలని చూసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకి ఈ ఫోన్ కొత్తేమీ కాదు. డెవలప్‌మెంట్‌కి పెడితే సపోర్ట్ అంటారు. ఆటోమేషన్ టెస్టింగ్‌కి పెడితే మాన్యువల్ టెస్టింగ్ అంటారు. డేటా ఇంజినీర్ పోస్టుకి పెడితే రిపోర్టులు తయారుచేసే పని చూపిస్తారు. వీటిలో మొదటిది బాగా తరచుగా వినపడుతుంది, చిక్కులు కూడా దాంట్లోనే ఎక్కువ. అందుకని దాన్నే పట్టుకుని చివరిదాకా వెళదాం.

ఆ మాట విన్నవెంటనే మన నోట మామూలుగా రెండే జవాబులు వస్తాయి. చిరాకు పుడితే "వద్దండీ". మొహమాటపడితే "సరే, పంపండి". మొదటిదాని వల్ల ఒక అవకాశం పోవచ్చు. రెండోదాని వల్ల మనకి తెలియకుండానే కొన్ని నెలలపాటు ఒక కంపెనీ తలుపు మూసుకుపోవచ్చు. ఎలాగో చెప్పేముందు, అసలు ఈ ఫోన్ ఎందుకొస్తుందో చూద్దాం.

ఒక్కో ఖాళీకి ఒక్కో నంబరు

పెద్ద కంపెనీలో ఖాళీ అంటే ఎవరో ఒకరు కావాలని మేనేజర్ అనుకోవడం ఒక్కటే చాలదు. దానికి రిక్విజిషన్ అనే పత్రం పుట్టాలి. అందులో హోదా, బ్యాండ్, ఊరు, ఇవ్వగలిగిన జీతం, ఏ ప్రాజెక్టు డబ్బుతో ఇస్తారన్నది అన్నీ ఉంటాయి. పైవాళ్లు ఆమోదించాక దానికో నంబరు పడుతుంది. మీరు అప్లై చేసేది నిజానికి ఆ నంబరుకి. ఆ నంబరు మూతపడితే మీరు ఎంత బాగా పని చేసేవారైనా రిక్రూటర్ దాన్ని తెరవలేరు. అది ఆ మనిషి చేతిలో ఉండదు.

రిక్రూటర్ చేతిలో ఉండేది ఇంకా నిండని నంబర్ల జాబితా. ఒక్కోటి ఎన్ని రోజుల్లో నింపారన్నదే వాళ్ల పనితీరుకి కొలత. రాత్రి షిఫ్టులున్న సపోర్ట్ ఖాళీలు తొందరగా నిండవు. డెవలపర్ ఖాళీకి మాత్రం దరఖాస్తులు కుప్పలుగా వస్తాయి. ఈ కుప్పలోంచి కొందరిని ఆ వైపు తిప్పాలనుకోవడం సహజమే. కాబట్టి ఆ ఫోన్‌ని అవమానంగా తీసుకోనక్కర్లేదు, మనలో ఏదో గొప్పతనం కనిపెట్టారని పొంగిపోనూ అక్కర్లేదు.

అయితే దాని వెనక కారణం మూడు రకాలుగా ఉండొచ్చు. ఆ ఖాళీ నిజంగానే నిండి ఉండొచ్చు, లేదా క్లయింట్ బడ్జెట్ ఆపి ఉండొచ్చు. అది మొదటిది. ఖాళీ అలాగే ఉంది కానీ మేనేజర్ మీ రెజ్యూమె చూసి వద్దని ఉండొచ్చు. ఆ సంగతి మొహం మీద చెప్పలేక 'హోల్డ్' అన్నారు. అది రెండోది. ఇక మూడోది, డెవలపర్ ఖాళీ అసలు మొదటినుంచీ లేనే లేదు. సపోర్ట్ అని ప్రకటిస్తే ఎవరూ రారని డెవలపర్ అని వేశారు.

ఏది నిజమో తేల్చడానికి ఒక సూటి ప్రశ్న చాలు: "నేను అప్లై చేసిన రిక్విజిషన్ నంబరు ఇదండీ. నా దరఖాస్తు అందులో రిజెక్ట్ అయిందా, హోల్డ్‌లో ఉందా, లేక పొజిషనే క్లోజ్ అయిందా?" కంపెనీ సొంత రిక్రూటర్ అయితే స్క్రీన్ మీద చూసి చెప్పగలరు. రిజెక్ట్ అంటే కారణం అడగండి. స్ప్రింగ్ బూట్ అనుభవం తక్కువనో, నోటీస్ పీరియడ్ ఎక్కువనో తెలిస్తే తర్వాతి దరఖాస్తుకి పనికొస్తుంది. క్లోజ్ అంటే కంపెనీ కెరీర్స్ పేజీలో అదే నంబరు ఇంకా కనిపిస్తోందేమో చూడండి. పేజీ నవీకరించడం ఆలస్యం కావచ్చు కాబట్టి అది కనిపించినంత మాత్రాన అబద్ధం అనలేం. కానీ వారం తర్వాత అదే ప్రకటన కొత్త తేదీతో మళ్లీ పడితే, మీతోపాటు అప్లై చేసిన స్నేహితులందరికీ గంటల తేడాతో ఇదే సపోర్ట్ ఫోన్ వచ్చి ఉంటే, అది మూడో రకమని తేలిపోతుంది. పని పేరు దగ్గరే తప్పు చెప్పినవాళ్లు షిఫ్టు దగ్గర నిజం చెబుతారని నేనైతే నమ్మను.

"సరే, పంపండి" అంటే ఏమవుతుంది?

ఫోన్ చేసింది కంపెనీ మనిషేనా, కన్సల్టెన్సీ మనిషా? మనం అందరినీ "హెచ్ఆర్" అనే అంటాం కాబట్టి ఈ తేడా తరచుగా చెరిగిపోతుంది. కన్సల్టెన్సీకి మనల్ని చేర్పించినందుకు కంపెనీ ఫీజు కడుతుంది. మన ఏడాది సీటీసీలో 8.33 శాతం, అంటే సరిగ్గా ఒక నెల వంతు, మామూలుగా వినిపించే లెక్క. కష్టమైన ఖాళీలకి అంతకన్నా ఎక్కువా ఉంటుంది. అభ్యర్థి మూడు నెలల్లోపే మానేస్తే ఉచితంగా ఇంకొకర్ని తెచ్చివ్వాలన్న షరతు కూడా చాలా ఒప్పందాల్లో ఉంటుంది.

ఈ ఫీజు ఎవరికి దక్కాలన్న గొడవ రాకుండా కంపెనీలు ఒక నియమం పెట్టుకుంటాయి. ఏ కన్సల్టెన్సీ ముందుగా మన ప్రొఫైల్ పంపితే కొంతకాలం మనం ఆ కన్సల్టెన్సీ ఖాతాలో ఉంటాం. కంపెనీని బట్టి అది మూడు నెలలు కావచ్చు, ఆరు నెలలు కావచ్చు. ఆ లోపల ఇంకో కన్సల్టెన్సీ మనల్ని అదే కంపెనీకి పంపితే "డూప్లికేట్" అని వెనక్కి కొడతారు. మనం నేరుగా అప్లై చేసినా చిక్కే. అంటే ఫోన్‌లో ఊరికే అన్న "సరే, పంపండి"తో సపోర్ట్ ఖాళీకి మన పేరు ఎక్కితే, రేపు అదే కంపెనీలో మంచి డెవలపర్ ఖాళీ పడినప్పుడు స్నేహితుడి రిఫరల్ కూడా పనికిరాకుండా పోవచ్చు.

ఇంకో సంగతి. సపోర్ట్ ఇంటర్వ్యూకి వెళ్లి పోగొట్టుకున్నా అది లెక్కలోకి వస్తుంది. ఒకసారి ఫెయిలైతే ఆరు నెలలదాకా మళ్లీ పిలవం అనే పద్ధతి చాలా చోట్ల ఉంది. "ఇంటర్వ్యూ ప్రాక్టీసు అవుతుందిలే" అనుకుని వెళ్లేవాళ్లు ఈ ఆరు నెలలనీ కలుపుకుని ఆలోచించాలి.

రెజ్యూమె సంగతీ చూసుకోవాలి. మీ జావా రెజ్యూమెని సపోర్ట్ ఖాళీకి తగ్గట్టు మార్చి పంపే కన్సల్టెన్సీలున్నాయి. మీరు రాయని "ప్రొడక్షన్ సపోర్ట్ - 2 సంవత్సరాలు" అనే వాక్యం అందులో చేరుతుంది. ఇంటర్వ్యూలో దాని గురించే మొదటి ప్రశ్న వస్తుంది. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత కంపెనీ చెప్పేదానికీ దీనికీ పొంతన కుదరకపోతే దోషం మీ నెత్తిన పడుతుంది, రాసినవాళ్ల నెత్తిన కాదు.

అందుకే ఫోన్‌లో చెప్పాల్సిన జవాబు ఒక్కటే: "ముందు జాబ్ డిస్క్రిప్షన్, కంపెనీ పేరు, రిక్విజిషన్ నంబరు మెయిల్ చేయండి. చూసి రేపు సాయంత్రంలోగా చెబుతాను. అప్పటిదాకా నా ప్రొఫైల్ దేనికీ పంపొద్దు." ఇది మర్యాదైన మాటే. ఒక రోజు గడువు అడిగితే నిజమైన రిక్రూటర్ ఎవరూ నొచ్చుకోరు. "ఇప్పుడే చెప్పాలి, సాయంత్రానికి క్లోజ్ అయిపోతుంది" అనేవాళ్లు ఉంటారు. సపోర్ట్ ఖాళీలు అంత వేగంగా నిండేవైతే మీకు ఫోన్ వచ్చేదే కాదు. ఇక రిజిస్ట్రేషన్ అనో, ట్రైనింగ్ అనో డబ్బు అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయడమే.

పది లక్షలు అంటే ఎంత?

మెయిల్ వచ్చిందనుకుందాం. ఇక్కడినుంచి ఒక ఉదాహరణతో నడుద్దాం. మనుషులు కల్పితమే కానీ లెక్కలు రోజూ కనిపించే రకమే. ఖమ్మం దగ్గరి ఊరినుంచి వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. జావా మీద మూడున్నరేళ్ల అనుభవం. ఇప్పుడు సీటీసీ 6.8 లక్షలు, వేరియబుల్ లేదు. డెవలపర్ పోస్టుకి అప్లై చేసింది. దానికి బదులుగా ఎల్2 అప్లికేషన్ సపోర్ట్, సీటీసీ 10 లక్షలు అన్నారు. ఇంట్లో చెబితే నాన్న వెంటనే "మూడు లక్షలు పెరుగుతుంటే ఇంకా ఆలోచనేంటమ్మా" అన్నారు.

ముందు ఇప్పటి జీతం చూద్దాం. 6.8 లక్షల్లో బేసిక్ 40 శాతం అనుకుంటే 2.72 లక్షలు. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, గ్రాట్యుటీ పేరుతో పక్కన పెట్టేది 4.81 శాతం. ఈ రెండూ తీసేసి, తన వాటా పీఎఫ్, నెలకి 200 వృత్తి పన్ను పోగా ఆమె చేతికి వచ్చేది నెలకి సుమారు 50 వేలు.

పది లక్షల ఆఫర్‌కి బ్రేకప్ అడిగింది. దాంట్లో లక్ష రూపాయలు వేరియబుల్ అని తేలింది. అది కంపెనీ ఫలితాల్నీ మన రేటింగ్‌నీ బట్టి వస్తుంది, మొత్తం రావాలనేం లేదు. నెలకి 7 వేల చొప్పున ఏడాదికి 84 వేలు షిఫ్ట్ అలవెన్స్, అదీ ఈ పది లక్షల్లోనే కలిపారు. బేసిక్ 4 లక్షలు కాబట్టి కంపెనీ పీఎఫ్ 48 వేలు, గ్రాట్యుటీ 19 వేల పైచిలుకు. ఆరోగ్య బీమా ప్రీమియం 15 వేలు. ఇవన్నీ పోయి, తన పీఎఫ్, వృత్తి పన్ను కూడా తీసేస్తే చేతికి నెలకి సుమారు 64 వేలు. రాత్రి షిఫ్టు ఎత్తేస్తే అలవెన్స్ ఆగిపోతుంది, అప్పుడు 57 వేలు.

అంటే ఫోన్‌లో వినిపించిన 3.2 లక్షల పెరుగుదల నెల జీతంలో 14 వేలకి దిగింది. అందులో సగం రాత్రుళ్లు మేలుకున్నందుకు ఇచ్చేది. వృత్తి దారి మార్చుకున్నందుకు మిగిలేది 7 వేలు. తర్వాత ఇంకో కంపెనీకి మారేటప్పుడు అక్కడివాళ్లు "మీ ఫిక్స్‌డ్ ఎంత" అనే అడుగుతారు. వేరియబుల్‌నీ షిఫ్ట్ అలవెన్స్‌నీ చాలామంది లెక్కలోకి తీసుకోరు. అప్పుడామె చెప్పుకోగలిగేది పది కాదు, 8.16 లక్షలు.

గ్రాట్యుటీ అంకె గురించి చిన్న మాట. దాన్ని ఆఫర్ లెటర్లో ఏటా జీతంగా చూపిస్తారు. మామూలు పర్మినెంట్ ఉద్యోగికి అది చేతికందాలంటే ఐదేళ్ల సర్వీసు ఉండాలనేది దశాబ్దాలుగా నడుస్తున్న లెక్క. రెండేళ్లకోసారి కంపెనీలు మారేవాళ్లు ఆ డబ్బుని కళ్లతో చూసేది అరుదు.

మూడు లక్షలు పెరుగుతున్నాయని సంబరపడిన నాన్నకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించింది. ఆయన "మరి రాత్రుళ్లు ఎలా వెళ్లొస్తావు" అన్నారు. రానూపోనూ క్యాబ్ కంపెనీదేనా, అది మనం ఉండే ఏరియాకి వస్తుందా అన్నది కూడా అడిగి రాయించుకోవాల్సిన విషయాల్లో చేరింది.

సపోర్ట్ అన్నింటికీ ఒకటే అర్థం లేదు

డబ్బు కన్నా పెద్ద ప్రశ్న, పొద్దున్నుంచి సాయంత్రందాకా (లేక సాయంత్రం నుంచి పొద్దుటిదాకా) అక్కడ చేసేదేమిటని. సపోర్ట్ అనగానే ముఖం చిట్లించేవాళ్లు దీంట్లో ఉన్న అంతస్తుల్ని చూడరు. ఎల్1లో ఉన్నవాళ్లు వచ్చిన ఫిర్యాదుని టికెట్‌గా నమోదు చేసి, రాసిపెట్టిన సూచనల ప్రకారం చేయగలిగింది చేస్తారు. ఎల్2లో ఉన్నవాళ్లు లాగ్‌లు చదివి, డేటాబేస్‌లో క్వెరీలు వేసి, ఆగిపోయిన జాబ్‌ని మళ్లీ నడిపించి సమస్యని తాత్కాలికంగా చక్కబెడతారు. ఎల్3లో ఉన్నవాళ్లు కోడ్ తెరిచి తప్పు దిద్దుతారు. ఎల్3కీ డెవలప్‌మెంట్‌కీ మధ్య గోడ చాలా పల్చన. ఎల్1లో మూడేళ్లున్న మనిషికీ డెవలపర్‌కీ మధ్య మాత్రం దూరం ఏటికేడు పెరుగుతుంది.

పేరు ఎల్2 అయినా కొన్ని జట్లు ఎల్3 పని చేస్తాయి, కొన్ని ఎల్1 పని చేస్తాయి. ఇది రిక్రూటర్‌కి తెలియదు, తెలియాలని ఆశించడం కూడా న్యాయం కాదు. "కోడింగ్ ఉంటుందా" అని అడిగితే "ఉంటుందండీ, ఫిఫ్టీ ఫిఫ్టీ" అంటారు. ఆ జవాబుకి విలువ లేదు. జట్టుని నడిపే మేనేజర్‌తో పావుగంట మాట్లాడించమని అడగాలి. ఇంటర్వ్యూకి ముందు కుదరకపోతే ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా" అన్నప్పుడు అడగొచ్చు.

మేనేజర్‌ని అడిగే ప్రశ్నకి అవుననో కాదనో, లేకపోతే ఒక అంకెతోనో జవాబు రావాలి. మన ఉదాహరణలోని అమ్మాయి ఇలా అడిగింది.

"సర్, ఈ జట్టులోవాళ్లకి కోడ్ రిపోజిటరీలో మార్పులు చేసే యాక్సెస్ ఉంటుందా, చదివే యాక్సెస్ మాత్రమేనా?"

"చదవొచ్చమ్మా. మార్పులు వేరే టీమ్ చేస్తుంది. వాళ్లు క్లయింట్ వైపు ఉంటారు."

"పోయిన నెల మీరు క్లోజ్ చేసిన టికెట్లలో కోడ్ మార్చి క్లోజ్ చేసినవి ఎన్నుంటాయండీ?"

"మన వైపునుంచి ఏమీ ఉండవు. బగ్ అని తేలితే వాళ్లకి పంపేస్తాం."

"ఈ పొజిషన్ ఎందుకు ఖాళీ అయింది సర్?"

"ఒకతను షిఫ్టుల వల్ల మానేశాడు. ఇంకొకతన్ని వేరే అకౌంట్‌కి ఇచ్చాం."

"ఈ జట్టునుంచి డెవలప్‌మెంట్‌కి వెళ్లినవాళ్లెవరైనా ఉన్నారా?"

మేనేజర్ కాసేపు ఆలోచించి "ఈ మధ్య అయితే లేరు" అన్నాడు.

నాలుగు ప్రశ్నలతో తేలిపోయింది. నన్నడిగితే వీటిలో మొదటిదే అసలు ప్రశ్న. కోడ్‌లో చెయ్యి పెట్టే అనుమతి లేని చోట ఎవరు ఎంత ప్రేమగా చెప్పినా కోడింగ్ జరగదు. మేనేజర్ నిజాయితీపరుడు కూడా. ఇలాంటి ప్రశ్నలకి చాలామంది మేనేజర్లు ఉన్నదున్నట్టే చెబుతారు, ఎందుకంటే రెండు నెలలకే మానేసే మనిషిని తీసుకుంటే రాత్రి షిఫ్టు మళ్లీ వాళ్ల జట్టు మీదే పడుతుంది.

జవాబులు ఇంకోలా వచ్చి ఉంటే కథ మారేది. మార్పులు చేసే యాక్సెస్ ఉంది, టికెట్లలో నాలుగో వంతు కోడ్ మార్పుతోనే క్లోజ్ అవుతాయి, నెలకో వారం మాత్రమే ఆన్‌కాల్ అని చెబితే నేను ఆమెని తీసుకోమనే అనేవాణ్ణి. నిజమైన వినియోగదారుల ట్రాఫిక్ కింద ఒక సిస్టమ్ ఎక్కడ విరుగుతుందో చూసినవాళ్లు కోడ్ కూడా జాగ్రత్తగా రాస్తారు. ఇప్పుడు సైట్ రిలయబిలిటీ ఇంజినీర్లుగా మంచి జీతాలు తీసుకుంటున్నవాళ్లలో సపోర్ట్‌నుంచి స్క్రిప్టులు రాసుకుంటూ పైకొచ్చినవాళ్లున్నారు.

"ఆరు నెలల తర్వాత మారుస్తాం"

ఆమె వెనకాడుతోందని గ్రహించి రిక్రూటర్ ఈ మాట అంది. ఇది చాలామందికి చెప్పే మాట, చాలామంది నమ్మే మాట. అబద్ధమని అనను. చెప్పిన మనిషి మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండొచ్చు. కానీ చేరిన తర్వాత ఆ మనిషికీ మనకీ సంబంధం ఉండదు.

కంపెనీ లోపల ఒక పనినుంచి ఇంకో పనికి మారడానికి ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్ అనే దారి ఉంటుంది. దానికి అప్లై చేయాలంటే ఇప్పటి పనిలో ఇంతకాలం ఉండాలన్న షరతు ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నర అన్నవి మామూలు. ఆ తర్వాత కూడా ఇప్పటి మేనేజర్ వదలాలి. రాత్రి షిఫ్టులో మనిషి దొరక్క నెలలు వెతికి మనల్ని తీసుకున్న మేనేజర్ అంత తేలిగ్గా వదలడు, పనిమంతులమైతే అసలే వదలడు.

కాబట్టి ఆరు నెలల మాట వచ్చినప్పుడు అడగాల్సింది: "మీ కంపెనీలో ఇంటర్నల్ మార్పుకి కనీసం ఎన్ని నెలలుండాలి? నా విషయంలో ఆరు నెలలకి మారుస్తామన్నది మేనేజర్ మెయిల్లో రాసి ఇవ్వగలరా?" ఆఫర్ లెటర్లో ఇలాంటి షరతు ఎవరూ రాయరు, అది మన పక్షాన ఆశించొద్దు. మేనేజర్ మెయిల్ కూడా కోర్టులో వాదించుకునే పత్రమేం కాదు. అయినా అది అడిగినప్పుడు అవతలివాళ్లు ఏమంటారన్నదే మనకి కావలసిన సమాచారం. రాసిచ్చే మేనేజర్ ఆ మాటని గుర్తుపెట్టుకుంటాడు. "అవన్నీ చేరాక చూద్దాం" అన్నారంటే ఆ ఆరు నెలల్ని మన లెక్కలోంచి తీసేసుకోవాలి.

ఆఫర్ లెటర్లో చూడాల్సింది హోదా. సపోర్ట్ పనే అయినా చాలా కంపెనీలు "సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్" అనే రాస్తాయి. రిలీవింగ్ లెటర్ మీద కూడా అదే వస్తుంది కాబట్టి అది మంచిదే. "ప్రొడక్షన్ సపోర్ట్ అనలిస్ట్" అని రాస్తే దాన్ని మార్చగలరా అని చేరకముందే అడగాలి. చేరాక అడిగితే ఎవరూ పట్టించుకోరు. ఇంకో వాక్యం దాదాపు ప్రతి లెటర్లోనూ ఉంటుంది: కంపెనీ అవసరాన్ని బట్టి మిమ్మల్ని ఏ ప్రాజెక్టుకైనా, ఏ ఊరికైనా, ఏ షిఫ్టుకైనా మార్చవచ్చని. డెవలపర్ ఆఫర్లోనూ ఇదే ఉంటుంది. దాన్ని తీయించడం కుదిరే పని కాదు. మొదటి ప్రాజెక్టు ఏమిటో, అందులో పని ఏమిటో ముందే మెయిల్లో తెప్పించుకోవడం దీనికి కాస్త విరుగుడు.

ఆ లెటర్ ఎవరి పేరు మీద ఉందో కూడా చూసుకోవాలి. పని బ్యాంకు కోసం, ఫోన్ చేసింది కన్సల్టెన్సీ, జీతం ఇచ్చేది మూడో కంపెనీ కావడం హైదరాబాద్‌లో వింతేం కాదు. రోల్ మారినప్పుడు దాంతోపాటే పర్మినెంట్ కాస్తా కాంట్రాక్టుగా మారిపోయి ఉండొచ్చు. ఫోన్‌లో ఎవరూ ఆ మాట ఎత్తరు.

వద్దనడం ఎలా?

ఆమె వద్దనే నిర్ణయించుకుంది. చేతిలో ఉద్యోగం ఉంది కాబట్టి ఆ నిర్ణయం తేలికైంది. అదే రాజీనామా ఇచ్చేసి 90 రోజుల నోటీసులో 70 రోజులు గడిచిపోయి, చేతిలో ఇంకో ఆఫర్ లేకపోతే లెక్క వేరు. ఏడాదిగా బెంచ్ మీద ఉన్నా, ఉద్యోగం పోయి నాలుగు నెలలైనా లెక్క వేరే. అలాంటప్పుడు ఇదే ఉద్యోగం తీసుకోవచ్చు, తప్పు లేదు. ఎంతకాలం ఉంటామో మనసులో ముందే గీత గీసుకుని, ఆ లోపల జావా మరిచిపోకుండా చూసుకుని, షిఫ్ట్ అలవెన్స్‌ని సీటీసీలోంచి బయటికి తీసి పైన ఇవ్వమని బేరమాడి చేరాలి. ఈ చివరి బేరం తరచుగా నెగ్గుతుంది కూడా. నింపడానికి కష్టపడుతున్న ఖాళీ కాబట్టి అక్కడ మన మాటకి డెవలపర్ ఖాళీలో కన్నా బరువెక్కువ. రెండు మూడు నెలల్లో మానేద్దాంలే అనుకుని చేరడం మాత్రం వద్దు. పీఎఫ్ ఖాతాలో చేరిన తేదీ, మానిన తేదీ రెండూ నమోదవుతాయి, తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో ఆ చిన్న ముక్క బయటపడి ప్రశ్నలు తెస్తుంది.

వద్దనేటప్పుడు చాలామంది ఫోన్ ఎత్తడం మానేస్తారు. మనవాళ్లకి ముఖాముఖి కాదనడం కష్టం. కానీ ఆ రిక్రూటర్ ఆరు నెలల తర్వాత ఇంకో కంపెనీలో ఉండొచ్చు, అక్కడ నిజంగానే జావా ఖాళీ ఉండొచ్చు. ఆమె ఇంగ్లీషులో పంపిన మెయిల్ సారాంశం ఇది:

"మేనేజర్ గారితో మాట్లాడించినందుకు కృతజ్ఞతలు. ఈ పనిలో కోడ్ మార్పులు ఉండవని స్పష్టమైంది. నేను వచ్చే రెండు మూడేళ్లు డెవలప్‌మెంట్‌లోనే ఉండాలనుకుంటున్నాను కాబట్టి సపోర్ట్ రిక్విజిషన్‌నుంచి నా ప్రొఫైల్‌ని దయచేసి వెనక్కి తీసుకోండి. తీసుకున్నట్టు ఒక మాట రాయగలరు. జావా, స్ప్రింగ్ బూట్ బ్యాకెండ్ ఖాళీ గానీ, కోడ్ యాక్సెస్ ఉన్న ఎల్3 జట్టులో ఖాళీ గానీ పడితే చెప్పండి. ఫిక్స్‌డ్ తొమ్మిది లక్షలనుంచి మాట్లాడుకోవచ్చు. నా నోటీస్ 60 రోజులు."

ఈ మెయిల్లో గమనించాల్సింది, కాదన్న కారణం పని గురించే ఉంది. జీతం తక్కువని రాసి ఉంటే రిక్రూటర్ ఇంకో యాభై వేలు కలిపి మళ్లీ ఫోన్ చేసేది, అప్పుడు కాదనడానికి ఆమెకి కారణం మిగిలేది కాదు. ఏది కావాలో కూడా రిక్రూటర్ తన సిస్టమ్‌లో వెతుక్కునే పదాలతోనే రాసింది. "మంచి అవకాశం ఉంటే చెప్పండి" అని రాస్తే ఆమె పేరు ఏ వెతుకులాటలోనూ పైకి రాదు.

వెనక్కి తీసుకున్నట్టు జవాబు వారమైనా రాలేదు. ఆమె మళ్లీ ఒక లైను రాసింది. ఆ కంపెనీ కెరీర్స్ పోర్టల్లో తన ఖాతా తెరిచి చూస్తే సపోర్ట్ దరఖాస్తు ఇంకా "ఇన్ ప్రాసెస్" అనే ఉంది. అక్కడే విత్‌డ్రా బటన్ ఉంటే నొక్కి, ఆ స్క్రీన్ ఫోటో దాచుకుంది. పాత జావా దరఖాస్తు పక్కన "హోల్డ్" తీసేసి "పొజిషన్ క్లోజ్డ్" అని మార్చారు. అంటే రిక్రూటర్ మొదట చెప్పింది దాదాపు నిజమే. ఆ కంపెనీ పేరుని తన జాబితాలోంచి కొట్టేయకుండా, ఫైనాన్స్ వాళ్లు కొత్త ఆర్థిక సంవత్సరం బడ్జెట్లు విడుదల చేసే ఏప్రిల్‌లో మళ్లీ చూడాలని పక్కన రాసుకుంది.